టీచరమ్మ కవర్ నోట్: 500 అక్షరాల పెట్టెలో ఏం పట్టాలి

గత ఫిబ్రవరిలో మా అక్క కావలి నుంచి ఫోన్ చేసి, తన కూతురికి లెక్కలు చెప్పే టీచరు సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లోకి మారాలని చూస్తున్నారనీ, జాబ్ పోర్టల్‌లో రెండు నెలలుగా దరఖాస్తులు పెడుతున్నా ఎవరూ పిలవడం లేదనీ, దరఖాస్తుతో పాటు ఆవిడ రాసి పెడుతున్న కవర్ నోట్‌ను ఒకసారి చూసిపెట్టమనీ అడిగింది. నేను చెన్నైలోని ఒక కంపెనీలో టెస్ట్ లీడ్‌ని. వారంలో మూడు రోజులు నెల్లూరులో ఇంటి నుంచే పని చేస్తాను. మా టీమ్‌లోకి ట్రైనీలను తీసుకునేటప్పుడు హెచ్‌ఆర్ వాళ్లు వడపోసి పంపిన ప్రొఫైళ్లలో ఎవరిని పిలవాలో తేల్చేది నేనే. అందువల్ల కవర్ నోట్‌ను రాసేవారి వైపు నుంచి కాక, చదివేవారి వైపు నుంచి చూడడం నాకు అలవాటు. ఈ ఒక్క నోట్ విషయంలో ఏం జరిగిందో, ఏ మాట ఎందుకు తీశామో, ఏది ఎందుకు ఉంచామో ఇక్కడ రాస్తున్నాను. టీచర్ గారి అనుమతితోనే రాస్తున్నాను. పేరు, బడి పేరు మాత్రం రాయడం లేదు. నోట్ అసలు ఇంగ్లిష్‌లో ఉంది కాబట్టి దాని భావాన్ని తెలుగులో ఇస్తున్నాను.

ఆవిడ బీఎస్సీ, బీఈడీ చదివి, ఆరేళ్లుగా ఒక ప్రైవేటు హైస్కూల్లో గణితం చెబుతున్నారు. సాయంత్రాలు ఆన్‌లైన్‌లో నాలుగు నెలల టెస్టింగ్ కోర్సు చేశారు. మొదటి నోట్ ఇలా మొదలైంది: "గౌరవనీయులైన సర్ లేదా మేడమ్, నేను ఆరు సంవత్సరాలుగా ఒక ప్రముఖ పాఠశాలలో గణిత ఉపాధ్యాయినిగా సేవలందిస్తున్నాను. చిన్ననాటి నుంచి నాకు కంప్యూటర్లంటే ఎంతో ఆసక్తి. ఉపాధ్యాయ వృత్తి నాకు సహనాన్ని, సమయపాలనను, భావాన్ని స్పష్టంగా చెప్పే నేర్పును ఇచ్చింది." ఇలాగే మరో మూడు పేరాలు నడిచి, చివర్లో టెస్టింగ్ పనిలో వాడే సెలీనియం, జావా, ఎస్‌క్యూఎల్, పోస్ట్‌మన్, జిరా అన్నింటిలోనూ నిపుణురాలినని, వెంటనే చేరగలనని ముగిసింది. మొత్తం 1,100 అక్షరాలకు పైగానే ఉంది.

నోట్‌లోని మాటల సంగతి తర్వాత చూద్దామనుకుని, పోర్టల్‌లో యజమానికి ఈ నోట్ ఎలా కనబడుతుందో ముందు చూపించమన్నాను. ప్రొఫైల్‌ను కంపెనీ వాళ్లు చూసే తీరులో చూసుకునే వీలు ఆ పోర్టల్‌లో ఉంది కానీ, ఆవిడ ఎన్నడూ దాన్ని తెరవలేదు. తెరిచేసరికి నోట్ సగం కూడా లేదు. "నాకు ఇంత నేర్పిన ఈ వృత్తిని వదలడం నాకు" అన్న చోట వాక్యం తెగిపోయి ఉంది. ఆ పెట్టెలో పట్టేది 500 అక్షరాలే. అక్షరాలు టైప్ చేస్తే 500 దాటాక కీబోర్డు పనిచేయనట్టు ఆగిపోతుంది కాబట్టి తెలిసిపోతుంది. కానీ వర్డ్ ఫైల్లోంచి కాపీ చేసి అతికిస్తే, పట్టినంత తీసుకుని మిగతాది చప్పుడు చేయకుండా వదిలేస్తుంది. వెబ్ పేజీలో ఇలాంటి పెట్టెకు `maxlength` అనే హద్దు పెట్టినప్పుడు బ్రౌజర్లు చేసే పని ఇదే. హెచ్చరిక రాయడం ఆ పేజీ తయారుచేసినవారి బాధ్యత, ఇక్కడ వాళ్లు రాయలేదు.

తెగిన భాగాన్ని మళ్లీ చదివితే ఇంకో సంగతి బయటపడింది. మిగిలిన 500 అక్షరాల్లో "టెస్టింగ్" అన్న మాట ఒక్కసారి కూడా లేదు. అంటే డిసెంబరు, జనవరి నెలల్లో ఆవిడ పంపిన 41 దరఖాస్తుల్లోనూ చదివినవారికి కనబడింది బడి వదలడానికి బాధపడుతున్న ఒక లెక్కల టీచరే. ఆవిడ కొంతసేపు మాట్లాడలేదు. తర్వాత, "సార్, నేను టెస్టర్ కావాలనుకుంటున్నదాన్ని. నా నోట్‌నే నేను టెస్ట్ చేసుకోలేదు" అన్నారు.

ఆ 41 దరఖాస్తులకు వచ్చిన ఒకే ఒక్క ఫోన్ గురించి కూడా చెప్పాలి. అవతలి మనిషి 60 వేలు కడితే మూడేళ్ల టెస్టింగ్ అనుభవం ఉన్నట్టు కాగితాలు ఇప్పిస్తామని, నోట్‌లో కూడా అలాగే రాసుకోమని చెప్పాడట. బడిలో ఆవిడకు పీఎఫ్ కోత ఉంది. కంపెనీలు చేరే ముందు జరిపే వెరిఫికేషన్‌లో పీఎఫ్ సభ్యులకు ఇచ్చే యూఏఎన్ నంబరు కింద ఏ యజమాని ఏ నెల నుంచి ఏ నెల వరకు డబ్బు కట్టాడో అడిగి చూస్తారు. అదే మూడేళ్లు బడి పేరుతో పీఎఫ్ జమ అవుతూ ఉంటే, మరో కంపెనీలో పనిచేశానని చూపిన కాగితం అక్కడే అబద్ధమని తేలిపోతుంది. చేరిన నెలకో, రెండు నెలలకో దొరికిపోయి బయటికి పోయినవారిని నేను చూశాను. ఆవిడకు ఆ ఆలోచన మొదటి నుంచీ లేదు. కానీ పోర్టల్‌లో "మొత్తం అనుభవం" అన్న గడిలో ఏం వేయాలన్న తికమక ఉంది. సున్నా వేస్తే డిగ్రీ పూర్తయిన ఏడాది నుంచి ఇప్పటిదాకా ఖాళీగా కనబడుతుంది, ఆరు వేస్తే టెస్టింగ్‌లో ఆరేళ్లని పొరబడతారు. ఆ గడి అడిగేది మొత్తం అనుభవం కాబట్టి ఆరే వేయించాను. పొరపాటు పడకుండా చూసే బాధ్యతను నోట్ మొదటి వాక్యానికి అప్పగించాం.

ఇక నోట్‌ను ఎవరు చదువుతారన్న విషయానికి వద్దాం. చదివేవారు ఇద్దరు. మొదట చూసేది హెచ్‌ఆర్‌లో పనిచేసేవారు. వారికి టెస్టింగ్ లోతు తెలియాల్సిన పని లేదు. ఏ ఉద్యోగానికి, ఎంత అనుభవంతో, ఏ ఊళ్లో, ఎప్పుడు చేరతారు అన్న నాలుగే వాళ్లకు కావాలి. అవి దొరికితే ప్రొఫైల్ నాలాంటివాడి దగ్గరికి వస్తుంది. నాకు కావాల్సింది వేరు: ఈ మనిషి తప్పును పట్టగలరా, పట్టినదాన్ని ఇంకొకరు మళ్లీ చేసి చూసుకునేలా రాయగలరా అన్నది. సహనం, సమయపాలన అన్న మాటలు ఈ ఇద్దరిలో ఎవరికీ పనికిరావు. అందువల్ల మొదటి వాక్యం, చివరి వాక్యం హెచ్‌ఆర్‌కు, మధ్య భాగం నాలాంటివాడికి అని లెక్క వేసుకున్నాం. హెచ్‌ఆర్‌కు కావాల్సినవి పది నిమిషాల్లో రాసేశాం. మధ్య భాగానికి మూడు ఆదివారాలు పట్టింది.

ఎందుకంటే, "మీరు ఎప్పుడైనా ఒక సాఫ్ట్‌వేర్‌లో తప్పు పట్టారా" అని అడిగితే ఆవిడ కోర్సులో చేసిన డెమో సైట్ గురించి చెప్పారు. అదే కోర్సు చేసిన ప్రతివారూ అదే సైట్‌లో అవే తప్పులు రాస్తారు, అవి నేను ఏటా చదువుతూనే ఉంటాను. బడిలో కంప్యూటర్‌తో ఏ పని చేస్తారని అడిగితే, మార్కులు ఎక్కిస్తానని మామూలుగా చెప్పారు. అందులో ఎప్పుడైనా ఇబ్బంది వచ్చిందా అంటే, "వస్తూనే ఉంటుంది సార్, ఆ సాఫ్ట్‌వేర్ వాళ్లకు వాట్సాప్‌లో పెడుతుంటాను" అన్నారు. ఆ వాట్సాప్ సంభాషణ తెరిపించడమే ఈ మొత్తం పనిలో నేను చేసిన గట్టి సాయం అనుకుంటాను.

అక్కడ దొరికిన సంగతి ఇది. తొమ్మిదో తరగతి ఒక సెక్షన్‌లో 38 మంది పిల్లలు. 20 మార్కుల స్లిప్ టెస్టుకు ముగ్గురు రాలేదు. రాసిన 35 మంది మార్కులు కూడితే 532. సగటు 15.2 రావాలి. బడిలో వాడే మార్కుల సాఫ్ట్‌వేర్ మాత్రం 14.0 చూపించింది. మిగతా టీచర్లు తెరమీద వచ్చిన అంకెనే రిజిస్టర్‌లో రాసుకున్నారు. ఈవిడ చేత్తో లెక్క వేసే అలవాటున్న మనిషి కాబట్టి తేడా పట్టారు. రాని ముగ్గురినీ సున్నా మార్కులు వచ్చినవారిగా లెక్కగట్టి, 532ను 38తో భాగిస్తోందని 14ను 38తో హెచ్చవేసి నిర్ధారించుకున్నారు.

ఆవిడ ఆ సాఫ్ట్‌వేర్ వాళ్లకు పంపిన మొదటి సందేశం ఇలా ఉంది: "సర్, 9వ తరగతి మార్కులు తప్పుగా వస్తున్నాయి, అర్జెంటుగా చూడండి." దానికి వచ్చిన జవాబు, "మేడమ్, ఇక్కడ సరిగానే వస్తోంది." వాళ్లు అబద్ధం చెప్పి ఉండకపోవచ్చు. అందరూ హాజరైన తరగతిని తీసుకుని చూసుకుంటే సరిగానే వస్తుంది మరి. రెండు రోజుల తర్వాత ఆవిడ పంపిన రెండో సందేశంలో ఏ తరగతి, ఏ పరీక్ష, ఎవరెవరికి ఆబ్సెంట్ పెట్టింది, ఏ బటన్ నొక్కింది, ఎంత రావాలి, ఎంత వచ్చింది అన్నీ వరుసగా ఉన్నాయి. మూడో రోజున సరిచేశామని జవాబు వచ్చింది. టెస్టింగ్ కోర్సులో చేరడానికి ఏడాది ముందు జరిగిన సంగతి ఇది. తాను రాసినది బగ్ రిపోర్టు అని ఆవిడకు అప్పుడు తెలియదు, కోర్సు చేశాక కూడా ఆ రెండింటినీ కలిపి చూసుకోలేదు.

దీన్ని నోట్‌లో పెట్టే ముందు రెండు పనులు చేయించాను. మొదటిది, ఆ తప్పు ఎందుకు వచ్చి ఉంటుందో తన చేత్తో చేసి చూడడం. ఇంట్లో ల్యాప్‌టాప్‌లో మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్ ఉంది. 38 వరుసల చిన్న పట్టిక తయారుచేసి, రాని ముగ్గురికీ మార్కుల గడిని ఖాళీగా, అంటే `NULL`గా ఉంచి ఒకసారి, సున్నా పెట్టి ఒకసారి ఇదే ఎస్‌క్యూఎల్ ప్రశ్న నడిపారు:

```sql
SELECT AVG(marks) FROM slip_test;
```

ఖాళీగా ఉంచినప్పుడు 15.2000, సున్నా పెట్టినప్పుడు 14.0000 వచ్చింది. సగటు తీసేటప్పుడు `AVG` ఖాళీ గడులను లెక్కలోకే తీసుకోదు, సున్నాను మాత్రం మార్కుగానే లెక్కిస్తుంది. ఆ సాఫ్ట్‌వేర్ లోపల ఏం రాశారో మాకు కనబడదు కాబట్టి కారణం ఇదేనని నోట్‌లో రాయనివ్వలేదు. కానీ ఇంటర్వ్యూలో "ఎందుకు అలా జరిగి ఉంటుంది" అని అడిగితే "ఇలా జరిగి ఉండవచ్చు, నేను ఇలా చేసి చూశాను" అని చెప్పడానికి ఇది చాలు. నోట్‌లో "ప్రాథమిక ఎస్‌క్యూఎల్" అని రాసుకునే హక్కు కూడా దీనితోనే వచ్చింది.

రెండోది, ప్రొఫైల్‌లో లింకుగా పెట్టడానికి టెస్ట్ కేసులు, బగ్ రిపోర్టులు ఉన్న నమూనా ఫైలు. మార్కులు ఎక్కించే ఆ ఒక్క గడికి టెస్ట్ కేసులు రాయమన్నాను. 20 మార్కుల పరీక్షకు హద్దుల దగ్గర -1, 0, 1, 19, 20, 21 అన్న ఆరు విలువలు ఆవిడ వెంటనే రాశారు. తర్వాత 12.5, ఖాళీ గడి, పెద్ద అక్షరాల్లో `AB`, చిన్న అక్షరాల్లో `ab`, సంబంధం లేని ఒక అక్షరం, అంకె వెనుక ఖాళీ జాగా ఉన్న 12 కలిపి పన్నెండు అయ్యాయి. ప్రతిదానికీ ఏం జరగాలో ముందే రాయాలని చెప్పబోతే, "ప్రశ్నపత్రం తయారుచేసేటప్పుడే జవాబుల కీ కూడా రాసుకుంటాం కదా సార్" అన్నారు. టీచర్లకు ఇది అలవాటైన క్రమం. డిగ్రీ నుంచి నేరుగా వచ్చిన పిల్లలకు ఇది నేర్పడానికి నాకు నెల పడుతుంది. సాఫ్ట్‌వేర్ నడిపి చూసి, వచ్చినదాన్నే రావాల్సినదిగా రాసుకుంటారు వాళ్లు.

ఆ ఫైల్లో ఒక పెద్ద పొరపాటు జరగబోయింది. బగ్ రిపోర్టుకు జతచేసిన స్క్రీన్‌షాట్‌లో పిల్లల పేర్లు, అడ్మిషన్ నంబర్లు, బడి పేరు స్పష్టంగా కనబడుతున్నాయి. ఎవరైనా తెరిచి చూడగల లింకులో బడిపిల్లల వివరాలు పెట్టడం తప్పు. అంతేకాదు, నాలాంటివాడు దాన్ని చూస్తే ఈవిడ రేపు మా కస్టమర్ల వివరాలను కూడా ఇలాగే బయట పెడతారని అనుకుంటాడు. పేర్ల స్థానంలో విద్యార్థి 1, విద్యార్థి 2 అని పెట్టి, ఉత్తుత్తి మార్కులతో పట్టికను మళ్లీ తయారుచేయించాం.

తీసేసిన వాటిలో అన్నిటికంటే ఎక్కువ వాదన జరిగింది, బ్రౌజర్‌లో చేసే పరీక్షలను ప్రోగ్రామ్‌తో నడిపే సెలీనియం మీద. అది లేకపోతే వెతుకులాటలో ప్రొఫైల్ కిందికి పోతుందని ఆవిడ భయం. ఆ భయం నిజమే. అందుకని నైపుణ్యాల జాబితాలో "నేర్చుకుంటున్నవి" కింద ఉంచి, నోట్‌లోంచి మాత్రం తీసేయమన్నాను. ఒక పేజీలో రెండు బటన్లకు ఒకే పేరు ఉంటే రెండోదాన్ని ఎలా పట్టుకుంటారని అడిగితే, క్లాసులో సార్ టైప్ చేసినట్టే తానూ టైప్ చేశానని ఒప్పుకున్నారు. నోట్‌లో ఉన్న ప్రతి మాటకూ రెండో ప్రశ్న వస్తుంది. ఆ రెండో ప్రశ్నకు జవాబు లేని మాట ఉంటే, నిజమైన మాటల మీద కూడా నమ్మకం పోతుంది. టెస్టర్లకు సర్టిఫికెట్ ఇచ్చే ఐఎస్‌టీక్యూబీ పరీక్షకు డబ్బు కడతానంటే కూడా ఆగమన్నాను. ట్రైనీ స్థాయిలో చిన్న కంపెనీలు దాన్ని పట్టుబట్టి అడగడం నేను చూడలేదు. దాని ఫౌండేషన్ సిలబస్ వాళ్ల వెబ్‌సైట్‌లో ఉచితంగానే దొరుకుతుంది. ముందు అది చదివితే, అందులోని మాటలతో తన పనిని చెప్పడం వస్తుంది.

"వెంటనే చేరగలను" అన్నది కూడా నిజం కాదు. బడిలో వేసవి సెలవులు ఏప్రిల్ నాలుగో వారంలో గానీ ఇవ్వరు. ఏడాది మధ్యలో మానకుండా ఉండేందుకు యాజమాన్యం ఆవిడ ఒరిజినల్ సర్టిఫికెట్లు తన దగ్గరే పెట్టుకుంది. ఇలా పెట్టుకోవడం ఎంత అన్యాయమో వేరే సంగతి, కానీ చేరే రోజున కంపెనీ ఒరిజినల్స్ అడుగుతుంది. కాబట్టి చేతికి వచ్చే తేదీని లెక్కేసుకుని ఏప్రిల్ 28 అని ఖచ్చితంగా రాశాం. నిజమైన తేదీ ఒకటి కనబడితే హెచ్‌ఆర్ వాళ్లు దాన్ని తమ పట్టికలో రాసుకుంటారు. "వెంటనే" అని రాసి ఫోన్లో రెండు నెలలు అంటే అక్కడికక్కడే పక్కన పెడతారు.

చివరికి నిలిచిన నోట్ ఇది:

"ఆరేళ్లుగా గణితం చెబుతున్న టీచర్‌ని; ట్రైనీ మాన్యువల్ టెస్టర్ ఉద్యోగానికి దరఖాస్తు చేస్తున్నాను, టెస్టింగ్‌లో ఉద్యోగ అనుభవం లేదు. మా బడి మార్కుల సాఫ్ట్‌వేర్ పరీక్షకు రానివారిని సున్నాగా లెక్కించి, 15.2 రావాల్సిన తరగతి సగటును 14.0గా చూపడం గుర్తించాను. ఎలా చేస్తే వస్తుందో, ఏం రావాలో, ఏం వచ్చిందో రాసి పంపగా తయారీదారు సరిచేశారు. టెస్ట్ కేసులు రాయగలను; ప్రాథమిక ఎస్‌క్యూఎల్, పోస్ట్‌మన్ తెలుసు. 12 టెస్ట్ కేసులు, 3 బగ్ రిపోర్టుల నమూనా లింకు ప్రొఫైల్‌లో ఉంది. ఏప్రిల్ 28 నుంచి చెన్నై లేదా నెల్లూరులో చేరగలను."

ఇంగ్లిష్‌లో ఇది 450 అక్షరాల లోపే ఉంది. అతికించే ముందు వర్డ్ ఫైల్లోంచి నోట్‌ప్యాడ్‌లోకి మార్చి, అక్కడి నుంచి కాపీ చేయించాను, ఎందుకంటే వర్డ్ పెట్టే వంపు కొటేషన్ గుర్తులు మొదటి నోట్‌లో ప్రశ్న గుర్తులుగా మారి ఉన్నాయి. భద్రపరిచాక ఈసారి యజమాని వైపు నుంచి ఫోన్లోనూ, కంప్యూటర్‌లోనూ చివరి అక్షరం దాకా చదివారు. లింకు తన ఖాతాలో తెరుచుకోవడం పెద్ద విషయం కాదు కాబట్టి, మా అక్క ఫోన్లో కూడా తెరిచి చూశారు. తెరుచుకోలేదు. అనుమతి ఇవ్వడం మరిచిపోయారు.

ఈ నోట్‌తో మార్చి మొదటి వారం నుంచి ఐదు వారాల్లో 18 చోట్ల దరఖాస్తు చేశారు. మూడు ఫోన్లు వచ్చాయి. మొదటి 41కి ఒకటి, అదీ మోసపు ఫోన్ రావడంతో పోల్చి ఇదంతా నోట్ మహిమే అనలేను. ఈసారి ఉద్యోగాలను కూడా ఏరి పెట్టారు. ఫలానా ఏడాది పాసైనవారే అర్హులని రాసిన ఫ్రెషర్ ప్రకటనలకు అసలు పంపలేదు, ఎందుకంటే ఎంత మంచి నోట్ అయినా ఆ వడపోతను దాటించలేదు. వాటిని వదిలితే మిగిలేవి ఎక్కువగా చిన్న కంపెనీలే, జీతం కూడా కొన్నిచోట్ల బడి జీతానికి కాస్త తక్కువే.

మూడు ఫోన్లలోనూ 14.0, 15.2 సంగతి అడిగారు. ఒక చోట టెస్ట్ లీడ్, ఆ బగ్‌కు సివియారిటీ, అంటే తీవ్రత ఎంత, ప్రయారిటీ, అంటే సరిచేయాల్సిన తొందర ఎంత ఇస్తారని అడిగారట. లెక్క తప్పడం, అదీ తప్పిందని ఎవరికీ తెలియకుండా తప్పడం కాబట్టి సివియారిటీ ఎక్కువే అనీ, ప్రయారిటీ మాత్రం రోజును బట్టి ఉంటుందనీ, తల్లిదండ్రుల సమావేశం రేపు అయితే ఈ రాత్రికే సరిచేయాలనీ, సెలవుల్లో అయితే వారం ఆగవచ్చనీ చెప్పారు. ఆ కంపెనీ ఆసుపత్రుల బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ చేస్తుంది. అక్కడే ట్రైనీగా తీసుకున్నారు.

మొదటి ఫోన్ తర్వాత నోట్‌లో ఒక్క మార్పు చేశాం. నెల్లూరు అని కూడా రాయడంతో, చెన్నైకి మకాం మార్చడం ఇష్టం లేదేమోనని హెచ్‌ఆర్ ఆవిడ అనుమానపడ్డారు. నెల్లూరు తీసేసి "చెన్నైలో ఉండగలను" అని మార్చాం. ఆ మార్పు చేసిన రాత్రి టీచర్ గారు నాకు పోర్టల్ హెల్ప్‌డెస్క్‌కు పంపబోయే ఒక రిపోర్టు చూపించారు. పెట్టెలో 501 అక్షరాలు అతికించడం, ఏ హెచ్చరికా రాకుండా చివరి అక్షరం పోవడం, రావాల్సిన హెచ్చరిక, మూడు బ్రౌజర్లలో వచ్చిన ఫలితం అన్నీ అందులో ఉన్నాయి. నేను మార్చడానికి ఏమీ కనబడలేదు, పంపేయమన్నాను.